లైబ్రరీ వాల్వు సంగతి ప్లాంటుకు ఎలా తెలుస్తుంది?

ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణం తీసుకుందాం. ఆరు భవనాలు: చిల్లర్ ప్లాంటు, పరిపాలనా భవనం, లైబ్రరీ, ప్రయోగశాలలు, ఆడిటోరియం, వసతిగృహం. ఎయిర్ కండిషనింగ్‌కు కావలసిన చల్లనీళ్లు ఒక్క ప్లాంటులోనే తయారై, భూమిలో వేసిన పైపుల ద్వారా మిగతా ఐదింటికీ వెళ్తాయి. సాయంత్రం ఏడయింది, ఎండ వేడి తగ్గింది. ప్లాంటు ఇంకా 7 డిగ్రీల నీళ్లే పంపాలా, 9 డిగ్రీలవి పంపినా సరిపోతుందా? నీళ్ల ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచినా చిల్లర్ కరెంటు ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు.

దీనికి జవాబు ప్లాంటులో దొరకదు, ఎక్కడో లైబ్రరీ మూడో అంతస్తులో ఉన్న ఏహెచ్‌యూ వాల్వు దగ్గర ఉంది. అక్కడి వాల్వులన్నీ సగం తెరుచుకుని ఉంటే నీళ్లు అవసరానికి మించి చల్లగా ఉన్నట్టు. ఏదైనా వాల్వు పూర్తిగా తెరుచుకుని కూడా గాలి చల్లబడటం లేదంటే నీళ్లు ఇంకా చల్లగా కావాలి. ఆ వాల్వు స్థితి ప్లాంటు కంట్రోలరుకు నమ్మకంగా చేరాలి. లైబ్రరీ కంట్రోలర్లు ఒక కంపెనీవి, ప్లాంటువి మరో కంపెనీవి అయినా చేరాలి. బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బీఎంఎస్, ప్రాంగణం మొత్తానికి ఒకటిగా ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పుట్టిన భాషే బ్యాక్‌నెట్. దాని పుట్టుకకూ ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంతో సంబంధం ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెచ్. మైఖేల్ న్యూమన్ అధ్యక్షతన ఆష్రే సంస్థ 1987లో ఒక కమిటీ వేసింది. కమిటీ ఎనిమిదేళ్లు కూర్చున్నాక 1995లో స్టాండర్డ్ 135 వెలువడింది. 2003లో అది ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది. ఈనాడు మన దేశంలో పెద్ద భవనాల టెండర్లలో బ్యాక్‌నెట్ మాట లేనిది అరుదు. కానీ టెండరులో ఆ మాట రాసినంత మాత్రాన లైబ్రరీ వాల్వు సంగతి ప్లాంటుకు చేరదు. అది చేరుతుందా లేదా అన్నది రెండు కాగితాల మీద తేలుతుంది. ఒకటి పాయింట్ల జాబితా, రెండోది నెట్‌వర్క్ పటం. వీటిని వేర్వేరు మనుషులు వేర్వేరు నెలల్లో తయారుచేయడం మన దగ్గర ఆనవాయితీ. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

పాయింట్ల జాబితాను మన కాంట్రాక్టర్లు ఐఓ సమ్మరీ అంటారు. ఒక ఏహెచ్‌యూకు అందులో ఏముంటుందో చూద్దాం. గదుల్లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, తిరిగి వచ్చే గాలి ఉష్ణోగ్రత, డక్టులో పీడనం, కార్బన్ డయాక్సైడ్, వాల్వు వాస్తవంగా ఎంత తెరుచుకుందో చెప్పే ఫీడ్‌బ్యాక్, ఫ్యాన్ వేగం ఫీడ్‌బ్యాక్: ఈ ఆరూ కొలతలు. వాల్వుకు ఆజ్ఞ, వీఎఫ్‌డీ వేగానికి ఆజ్ఞ: ఈ రెండూ కంట్రోలరు పంపే విలువలు. ఫ్యాన్ తిరుగుతోందా, ట్రిప్ అయిందా, ప్యానెల్ మీది స్విచ్ ఆటోలో ఉందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, ఫైర్ ప్యానెల్ నుంచి సంకేతం వచ్చిందా: ఈ ఐదూ అవును, కాదు అని చెప్పేవి. చివరగా ఫ్యాన్‌ను నడిపే, ఆపే ఆజ్ఞ ఒకటి. మొత్తం పద్నాలుగు. ఇలాంటి ఏహెచ్‌యూలు భవనానికి ఎనిమిది చొప్పున ఐదు భవనాల్లో ఉంటే 560 పాయింట్లు.

ధర కట్టేవాళ్లకు ఈ లెక్క చాలు, ఇంజినీరుకు చాలదు. ప్రతి పాయింటు వెనుక అది ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతోందా అన్నదే చూడండి. చాలా జాబితాల్లో దాన్ని స్టార్టర్ ప్యానెల్‌లోని కాంటాక్టర్ సహాయక కాంటాక్టు నుంచి తీసుకుంటారు. అది చెప్పేది కాంటాక్టర్ లాగిందన్న సంగతి మాత్రమే. బెల్టు తెగి మోటారు ఒట్టిగా తిరుగుతున్నా తెరమీద ఆకుపచ్చ దీపమే కనిపిస్తుంది. లోడు పడిపోయినప్పుడు మారేలా సరిగ్గా అమర్చిన కరెంట్ స్విచ్‌తోనో, ఫ్యాన్‌కు అటూ ఇటూ పీడనం తేడా చూసే స్విచ్‌తోనో తీసుకుంటేనే ఆ పాయింటు నిజం చెబుతుంది. ఏది వాడాలో జాబితాలో ఒక గడి పెట్టి రాయకపోతే చౌకదే వస్తుంది.

వైరుతో తెచ్చే పాయింట్లు కాకుండా, చిల్లర్, వీఎఫ్‌డీ, ఎనర్జీ మీటర్ వంటివి తమ కమ్యూనికేషన్ కార్డు ద్వారా నేరుగా ఇచ్చే పాయింట్లు కూడా ఉంటాయి. ఒక చిల్లరే వందల కొద్దీ ఇవ్వగలదు. అన్నీ తీసుకుందాం అనిపిస్తుంది, తీసుకోకూడదు. ఎవరు చూస్తారు, ఏ నిర్ణయానికి వాడతారు అని అడిగి, జవాబున్న ఇరవయ్యో ముప్పయ్యో ఉంచుకోవాలి. నడపడం, ఆపడం మాత్రం కార్డు మీద వదిలేయకుండా వైరుతోనే ఇవ్వడం మంచిది. కమ్యూనికేషన్ కేబుల్ తెగినా ఫ్యాన్ ఆపగలగాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జాబితాలోని ప్రతి వరుసకూ ఒక చిరునామా కావాలి. బ్యాక్‌నెట్‌లో ప్రతి పాయింటూ ఒక ఆబ్జెక్టు. ఏ రకం, ఎన్నో నంబరు అన్న రెండూ కలిస్తే దాని గుర్తింపు. ఆ ఆబ్జెక్టు ఒక కంట్రోలరులో ఉంటుంది. కంట్రోలరుకు డివైస్ ఇన్‌స్టెన్స్ అనే నంబరు ఉంటుంది. అది 0 నుంచి 4194302 వరకు ఏదైనా కావచ్చు, కానీ ప్రాంగణం మొత్తంలో ఒక్కదానికే ఉండాలి. కంట్రోలర్లను కలిపే ప్రతి నెట్‌వర్కుకూ 1 నుంచి 65534 లోపు ఇంకో నంబరు. అదీ ప్రాంగణంలో రెండోసారి రాకూడదు. ఈ నంబర్లను సైటులో కుర్రాళ్లకు తోచినట్టు ఇవ్వనివ్వకుండా ముందే ఒక పద్ధతి పెట్టుకోవాలి.

నాకు నచ్చిన పద్ధతి ఇది. లైబ్రరీ మూడో భవనం. అందులో కంట్రోలర్లను వరుసగా కలిపే కేబుల్‌ను ట్రంక్ అంటాం. రెండో ట్రంక్ నెట్‌వర్క్ నంబరు 302. ఆ ట్రంక్ మీద 17వ చిరునామాలో ఉన్న కంట్రోలరు ఇన్‌స్టెన్స్ 302017. నంబరు చూడగానే ఏ భవనం, ఏ కేబుల్, ఎన్నో పెట్టె అన్నది తెలిసిపోతుంది. జాబితాలో దాని వరుసలు ఇలా ఉంటాయి:

```
LIB-AHU02-SAT     AI-1   302017   COV 0.2
LIB-AHU02-CHWV    AO-1   302017   COV 2.0
LIB-AHU02-SF-SS   BO-1   302017   -
```

మొదటిది గాలి ఉష్ణోగ్రత, రెండోది చల్లనీళ్ల వాల్వు ఆజ్ఞ, మూడోది ఫ్యాన్ నడిపే ఆజ్ఞ. చివరి గడి చాలా జాబితాల్లో ఉండదు, కానీ నెట్‌వర్క్ సుఖంగా ఉండేది దానివల్లే. విలువ ఎంత మారితే కబురు పంపాలో అది చెబుతుంది. ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలు మారినప్పుడే పంపితే చాలు. ఆ గడి నింపకపోతే కొన్ని కంట్రోలర్లు అతి చిన్న మార్పుకూ కబురు పంపుతాయి. సెన్సర్ విలువ 0.01 డిగ్రీ అటూ ఇటూ ఊగినా సందేశమే.

ఈ అదుపు ఎందుకు కావాలో ట్రంక్ వేగం చూస్తే అర్థమవుతుంది. భవనం లోపలి కంట్రోలర్లను చాలాచోట్ల ఆర్ఎస్-485 కేబుల్ మీద, ఎంఎస్‌టీపీ పద్ధతిలో కలుపుతారు. టోకెన్ చేతిలో ఉన్న కంట్రోలరే మాట్లాడాలి, తరువాత టోకెన్‌ను పక్కదానికి ఇచ్చేయాలి. సాధారణ వేగం సెకనుకు 38,400 బిట్లు. ఒక్కో బైటుకు పది బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 3,840 బైట్లు. టోకెన్ సందేశమే ఎనిమిది బైట్లు, అంటే రెండు మిల్లీసెకన్ల పైచిలుకు. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కలుపుకుంటే ఒక్కొక్కరికీ మూడు నుంచి ఐదు మిల్లీసెకన్లు. ముప్పై కంట్రోలర్లు ఉంటే ఒక్క మాటా చెప్పకుండా టోకెన్ ఒక చుట్టు తిరగడానికే సెకనులో పదో వంతు లేదా ఇంకాస్త ఎక్కువ. చిరునామాలు 0 నుంచి 127 దాకా ఇవ్వొచ్చని ప్రమాణం అంటుంది. అలాగని ఒకే కేబుల్ మీద నూట ఇరవై పెట్టెలు వేలాడదీయకూడదు. ముప్పై దగ్గర ఆపి కొత్త ట్రంక్ మొదలుపెట్టడం నా అభిప్రాయంలో అన్నివిధాలా లాభం.

ఎంఎస్‌టీపీలో ఒక చిన్న సెట్టింగ్ చాలామంది ప్రాణం తీస్తుంది. మ్యాక్స్ మాస్టర్ అనే ఆ విలువ, ఎంత పెద్ద చిరునామా వరకు వెతకాలో కంట్రోలరుకు చెబుతుంది. అందరికీ 63 పెట్టి, తరువాత వచ్చిన కొత్త కంట్రోలరుకు 70వ చిరునామా ఇచ్చారనుకోండి. దాన్ని ఎవరూ పిలవరు, టోకెన్ ఎన్నటికీ దానికి రాదు. వైరింగ్ బాగుంటుంది, దీపాలు వెలుగుతుంటాయి, తెరమీద మాత్రం అది ఉండదు. కేబుల్ మార్చడానికి ముందు ఈ విలువ చూడండి.

ఇక భవనాల మధ్యకు వద్దాం. ఒక్కో భవనంలో ఒక రూటర్ ఉంటుంది. అది ఒకవైపు ట్రంకులనూ మరోవైపు ఐపీ నెట్‌వర్కునూ కలుపుతుంది. బ్యాక్‌నెట్ ఐపీ మీద యూడీపీ పోర్టు 47808 లో నడుస్తుంది. పదహారు ఆధారంగా రాస్తే అది `0xBAC0`. ప్రతి భవనం ఐపీ పరంగా వేరే సబ్‌నెట్, అంటే వేరే పేట. ఆ పేటల మధ్యనే బ్యాక్‌నెట్‌కు పెద్ద గండం ఉంది.

బ్యాక్‌నెట్ డివైసులు ఒకదాన్నొకటి వెతుక్కునేది కేకేసి. 302017 ఎవరు అని ఒకరు అడిగితే, నేనే అని ఆ డివైస్ తన చిరునామాతో బదులిస్తుంది. మొదటిది హూ-ఈజ్, రెండోది ఐ-యామ్. ఈ కేక బ్రాడ్‌కాస్ట్. ఊళ్లో వేసిన దండోరా ఆ ఊళ్లోనే వినిపించినట్టు, ఐపీ రూటర్లు బ్రాడ్‌కాస్టును సబ్‌నెట్ దాటనివ్వవు. ప్లాంటు వేసిన కేక లైబ్రరీకి వినపడదు. అందుకే ప్రతి సబ్‌నెట్‌లో బీబీఎండీ అనే పాత్ర ఒకరికి అప్పజెబుతారు. సాధారణంగా ఆ భవనం రూటరే ఆ పని చేస్తుంది. అది తన పేటలో కేక వినగానే, దాన్ని మిగతా భవనాల బీబీఎండీలకు విడివిడిగా ఉత్తరంలా పంపుతుంది. అవి తమ పేటలో మళ్లీ కేకేస్తాయి. ఎవరెవరికి పంపాలో చెప్పే పట్టికను బీడీటీ అంటారు. మన ప్రాంగణంలో ఆరు బీబీఎండీలు, అన్నింటిలోనూ ఆరు వరుసలున్న అదే పట్టిక. ఇలా కలిసిన ఐపీ భాగమంతా బ్యాక్‌నెట్ దృష్టిలో ఒక్కటే నెట్‌వర్క్, కాబట్టి దానికి ఆరు భవనాల్లోనూ ఒక్క నంబరే ఇవ్వాలి. ఇక్కడ భవనానికొక నంబరు ఇచ్చేవారిని చూశాను. ఆ పొరపాటు రూటర్లను గందరగోళంలో పడేస్తుంది.

పట్టికలో ఒక్క వరుస తప్పిపోతే వచ్చే లక్షణం విచిత్రంగా ఉంటుంది. ప్లాంటు పట్టికలో లైబ్రరీ ఉంది, లైబ్రరీ పట్టికలో ప్లాంటు లేదు అనుకుందాం. ప్లాంటు వేసిన కేక లైబ్రరీకి చేరుతుంది. లైబ్రరీ కంట్రోలరు తన బదులును కూడా బ్రాడ్‌కాస్టుగానే వేస్తే అది ఇవతలికి రాదు. పింగ్ కొడితే మాత్రం లైబ్రరీ రూటర్ చక్కగా పలుకుతుంది. నెట్‌వర్క్ విభాగం తమవైపు అంతా బాగుందంటుంది, బీఎంఎస్ కాంట్రాక్టరు తమవైపు అంతా బాగుందంటాడు. ఆరు పట్టికలను పక్కపక్కన పెట్టి చదివితే పది నిమిషాల్లో తేలిపోయే విషయానికి వారాలు గడుస్తాయి.

వరుస తక్కువైతే ఇంత. బీబీఎండీ ఎక్కువైతే ఇంకా పెద్ద ముప్పు. ఒక సబ్‌నెట్‌లో ఒక్క బీబీఎండీయే ఉండాలి. తరువాత కొన్న ఏ ఎనర్జీ మీటర్ గేట్‌వేలోనో బీబీఎండీ ముందే ఆన్ చేసి ఉండి, దానికి పట్టిక కూడా నింపితే ఒకే కేక రెండుసార్లు, నాలుగుసార్లు మోగుతుంది. కొన్ని అమరికల్లో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వేగవంతమైన ఐపీ వైపు ఇది వెంటనే కనిపించదు. మొదట చచ్చేది నిదానంగా నడిచే ట్రంకులు. లెక్క చూడండి. ప్రాంగణంలో మూడు వందల కంట్రోలర్లు ఉన్నాయి. ఎవరో వర్క్‌స్టేషన్‌లో హద్దులేని హూ-ఈజ్ పంపారు. సాధారణంగా మూడు వందల ఐ-యామ్‌లూ ప్రతి ట్రంక్‌లోకీ దిగుతాయి. ఒక్కోటి సుమారు 35 బైట్లు, మొత్తం పదివేల పైచిలుకు బైట్లు. సెకనుకు 3,840 బైట్ల దారిలో అవి దాటడానికే దాదాపు మూడు సెకన్లు, టోకెన్ వంతులు కాక. దీన్ని బీబీఎండీ రెట్టింపు చేస్తే మరి చెప్పనక్కర్లేదు. అందుకే వెతికేటప్పుడు 302000 నుంచి 302127 వరకు అన్నట్టు హద్దులు పెట్టి వెతకాలి. గండం ఉందో లేదో తెలియాలంటే, రాత్రి ఎవరూ పని చేయని వేళ వైర్‌షార్క్‌లో `udp port 47808` ఫిల్టర్ పెట్టి కొంతసేపు పట్టండి. అదే సందేశం కొన్ని మిల్లీసెకన్ల తేడాలో రెండోసారి కనిపిస్తే రెండో బీబీఎండీ కోసం వెతకడం మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ఒక తప్పును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. లైబ్రరీ పని అయ్యాక కాంట్రాక్టరు మనుషులు వసతిగృహానికి వెళ్లారు. అక్కడా అవే ఏహెచ్‌యూలు, అదే ప్రోగ్రాము. లైబ్రరీ కంట్రోలరు బ్యాకప్‌ను యథాతథంగా ఎక్కించారు. ఇన్‌స్టెన్స్ 602017 అని మార్చవలసింది మరిచిపోయారు. ఇప్పుడు ప్రాంగణంలో రెండు 302017లు. రెండు భవనాలూ విడివిడిగా బాగానే నడుస్తాయి, పరీక్షలు పాసవుతాయి. కేబుల్‌తో రెండింటినీ కలిపిన రోజు నుంచి లైబ్రరీ ఉష్ణోగ్రత గ్రాఫు వింతగా మారుతుంది. 14 డిగ్రీలు ఉన్నది కాసేపటికి 24 అవుతుంది, ఇంకాసేపటికి మళ్లీ 14. గాలి అలా మారదు. వర్క్‌స్టేషన్ చివరగా విన్న ఐ-యామ్ ఎవరిదైతే వాళ్ల చిరునామాకు వెళ్లి చదువుతోంది, అంతే. సెన్సర్ మార్చినా పోదు. 302017 ఒక్కదానికే హూ-ఈజ్ పంపి, రెండు వేర్వేరు చిరునామాల నుంచి రెండు ఐ-యామ్‌లు వస్తే రోగం దొరికినట్టే. చూడటమే కాదు, వసతిగృహం వాల్వుకు పంపిన ఆజ్ఞ లైబ్రరీకి పోవచ్చన్నది అసలు ప్రమాదం. జాబితాలో నంబర్లు ముందే ఉండి, ఎక్కించే ప్రతి పెట్టెనూ జాబితాతో సరిచూసి టిక్ పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు.

నెట్‌వర్క్ ఎంత బాగా కట్టినా ఒక రోజు తెగుతుంది. తవ్వకంలో ఫైబర్ పోతుంది, స్విచ్‌కు కరెంటు పోతుంది. కాబట్టి సెన్సర్ ఒక కంట్రోలరులో, అది నడిపే వాల్వు మరో కంట్రోలరులో ఉండే అమరికను నేను ఒప్పుకోను. గాలి ఉష్ణోగ్రత కొలిచేదీ వాల్వు తిప్పేదీ ఒకే పెట్టె కావాలి. జాబితాలో ఇది ఇట్టే కనిపిస్తుంది. రెండు పాయింట్ల పక్కనా ఒకే ఇన్‌స్టెన్స్ ఉందా లేదా అంతే. భవనాలు దాటి వెళ్లే సమాచారం వీలైనంత తక్కువగా, పోయినా ప్రాణం పోనిదిగా ఉండాలి.

మన వాల్వు సంగతిలో ఇది ఇలా ఉంటుంది. నలభై వాల్వుల స్థితిని ప్లాంటు విడివిడిగా చదవనక్కర్లేదు. ఆష్రే గైడ్‌లైన్ 36 చూపిన ట్రిమ్ అండ్ రెస్పాండ్ పద్ధతిలో, వాల్వు 95 శాతం దాటి తెరుచుకుంటే ఆ ఏహెచ్‌యూ ఒక విన్నపం లేవనెత్తుతుంది, 85 శాతం కన్నా తగ్గితే విరమించుకుంటుంది. లైబ్రరీలోని ఎనిమిది ఏహెచ్‌యూల విన్నపాలనూ భవనం రూటర్ దగ్గరి కంట్రోలరు కూడి, ఒక్క అంకెను ప్లాంటుకు పంపుతుంది. ప్లాంటు ఐదు అంకెలు కూడుతుంది. విన్నపాలు లేనప్పుడు నీళ్ల ఉష్ణోగ్రత కొద్దికొద్దిగా పెంచుతుంది, వచ్చినప్పుడు తగ్గిస్తుంది. లైబ్రరీ అంకె ఐదు నిమిషాలుగా రాలేదంటే ఏం చేయాలో కూడా రాసి ఉండాలి. అప్పుడు 7 డిగ్రీలకు తిరిగి వెళ్లడం క్షేమం. పాత అంకెనే పట్టుకుని కూర్చునే ప్లాంటు, ఆ అంకె సున్నా అయితే లైబ్రరీకి చెమట పట్టిస్తుంది.

ఇంత అమర్చాక కూడా వాల్వు మాట వినని సందర్భం ఒకటుంది. ఆజ్ఞ అందుకునే ప్రతి ఆబ్జెక్టుకూ పదహారు ప్రాధాన్య స్థానాలుంటాయి. ఒకటి అన్నింటికన్నా పైది. ఆపరేటరు చేత్తో ఇచ్చే ఆజ్ఞ ఎనిమిదో స్థానంలో, రోజువారీ ప్రోగ్రాము ఇచ్చేవి పదహారు వైపున కూర్చుంటాయి. వేసవిలో ఫిర్యాదు వచ్చి ఆపరేటరు వాల్వును 100 శాతానికి పెట్టి వెళ్లిపోతే, ఆ ఎనిమిదో గడి ఖాళీ అయ్యేదాకా ప్రోగ్రాము ఎన్ని ఆజ్ఞలు రాసినా చెల్లవు. దాన్ని సున్నా చేస్తే చాలదు, సున్నా కూడా ఒక ఆజ్ఞే. ఆ గడిలో `NULL` రాసి విడుదల చేయాలి. 100 శాతం దగ్గర ఇరుక్కున్న ఒక్క వాల్వు నెలల తరబడి విన్నపం పెడుతూ ప్రాంగణం మొత్తానికి 7 డిగ్రీల నీళ్లే తెప్పించగలదు. వారానికోసారి ఎనిమిదో గడి నిండి ఉన్న పాయింట్ల పట్టిక తీసి చూడటం ఆపరేషన్ బృందం చేయగల అతి చౌకైన పొదుపు.

భద్రత గురించి ఒక మాట. ఇప్పటిదాకా చెప్పిన బ్యాక్‌నెట్ ఐపీలో తాళం లేదు. నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడెవడైనా వాల్వుకు ఆజ్ఞ రాయగలడు. కాబట్టి దానికి ప్రత్యేక వీలాన్ ఉండాలి, 47808 పోర్టు ఇంటర్నెట్ వైపు ఎన్నడూ తెరవకూడదు. 2019లో చేర్చిన బ్యాక్‌నెట్ ఎస్‌సీలో ప్రతి డివైసూ సర్టిఫికెట్ చూపించి, గుప్తలిపి దారిలో ఒక హబ్‌కు కలుస్తుంది. హబ్ చెడితే అందుకోవడానికి రెండో హబ్ ఉంటుంది. ఐపీ వైపు బీబీఎండీల బెడద పోతుంది. కానీ సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది. గడువు తేదీకి జాబితాలో ఒక గడి లేకపోతే, ఏదో ఒక రోజున భవనాలన్నీ ఒకేసారి తెరమీద నుంచి మాయమవుతాయి. పాత ట్రంకులు ఎస్‌సీ వచ్చినా అలాగే ఉంటాయి కాబట్టి నెట్‌వర్క్ నంబర్ల క్రమశిక్షణ అప్పుడూ తప్పదు.

మీరు ఒక ప్రాంగణాన్ని అప్పగింత తీసుకునే ఇంజినీరు అయితే, కాంట్రాక్టరు నుంచి మూడు కాగితాలు అడగండి. సైటులో ఉన్నది ఉన్నట్టు దిద్దిన పాయింట్ల జాబితా, ప్రతి ట్రంక్ నంబరూ ప్రతి డివైస్ ఇన్‌స్టెన్సూ ఉన్న పట్టిక, ఆరు బీబీఎండీల నుంచి చదివి తీసిన బీడీటీలు. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోయేదాకా సంతకం పెట్టకండి.